పాత డబ్బా మీది లేబుల్

గల్ఫ్‌లోని మత్రాలో నేను గుమాస్తాగా ఉన్న కిరాణా దుకాణానికి నిజామాబాద్ నుంచి మా పెద్దమ్మ కారప్పొడి డబ్బాలు వచ్చేవి. వాటికి 'ఘుమఘుమ' అని ఆమే పేరు పెట్టింది. ఆ పేరు రిజిస్టర్ చెయ్యమంటే మద్రాసు ట్రేడ్‌మార్క్ ఆఫీసు అభ్యంతరం చెప్పింది. అది వాసనను వర్ణించే మాటేనట, ఎవరైనా వాడుకోవచ్చట. నాకు ఒళ్లు మండింది.

ఏళ్ల వాడకంతో ఆ పేరు పెద్దమ్మ సరుకుకే గుర్తయిందని మా వకీలు జవాబు రాశాడు. రుజువుగా దరఖాస్తుకు ముందటి బిల్లులు, తేదీ ముద్ర ఉన్న లేబుల్ పంపమన్నాడు. బిల్లులు దొరికాయి. పాత డబ్బాలు మాత్రం మేమే పారేశాం.

పక్కనే ఉన్న రువీలో ఒక కరీంనగర్ మేస్త్రి దగ్గర ఒకటుందని తెలిసి వెళ్లాను. అందులో ఇంటి ఉత్తరాలు దాచుకున్నాడు.

"కారం అని ఎన్నడు అడగలే అన్నా. ఘుమఘుమ ఇయ్యమంట," అన్నాడు.

అదే మాట ఎంబసీలో ప్రమాణపత్రంగా రాయించాం. లేబుల్ తడిపి ఊడదీశాను. వట్టి రేకు డబ్బాను ఒళ్లో పెట్టుకుని అతను ఉత్తరాలు మళ్లీ అందులో సర్దుకున్నాడు.

మార్కును అంగీకరించారని రాసిన ఉత్తరంలో పెద్దమ్మ కొత్త లేబుల్ ఒకటి మడిచి పెట్టింది.

"ముందుగాల ఆ మేస్త్రి డబ్బకు అంటియ్యి బిడ్డా."