ముఖ్యమైనవి ఏవి సార్?

ఆ ఉత్తరం మా ల్యాబ్ అటెండర్ చొక్కా జేబులో ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చింది. అతనిది ఆ ఊరే. పొద్దున నంద్యాలకు వచ్చి, సాయంత్రం తిరిగి పోతాడు. నేను నంద్యాలలో ఒక డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్తాను.

"మా ఈదిలో పాప ఇచ్చింది సార్. మీ కాడ చదివిందే. జవాబు లేకుండా పోతే నన్ను ఈదిలోకే రానీదు" అంటూ మడత పెట్టిన కాగితం బల్ల మీద పెట్టాడు.

విప్పాను. 'సార్, వాట్సాప్‌లో రెండుసార్లు అడిగినాను. మీరు చూసినారు, ఏం చెప్పలేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను' అని మొదలుపెట్టింది. డిగ్రీ మూడేళ్లూ ముగిసినా మొక్కల శరీరధర్మశాస్త్రం పేపరు ఒక్కటి మిగిలిపోయింది. అది గట్టెక్కితేనే బీఈడీలో చేరగలదు. ఇదే ఆఖరి సారి అని అత్తగారు తేల్చి చెప్పేసింది. తను విత్తన పత్తి చేలో క్రాసింగ్ పనికి పోతోంది. పొద్దున పూలకు పుప్పొడి పూయాలి, సాయంత్రం మరుసటి రోజుకు మొగ్గలు గిల్లి సిద్ధం చేయాలి. చదువుకు మిగిలేది మధ్యాహ్నం కాస్త సేపు. 'ఐదు యూనిట్లూ చదవలేను సార్. ఒక్కో యూనిట్‌లో ఏది ముందు చదవాలో, ఏది వదిలేసినా పర్వాలేదో రాసివ్వండి. మీరు చెప్పినవే చదువుతాను.'

ఇందులో తప్పేమీ లేదు. పరీక్షల ముందు ప్రతి పిల్లా అడిగేదే. ఏటా నేను బోర్డు మీద రాసిచ్చేదే. ఆ ఏడు మాత్రం నా చెయ్యి ఆడలేదు. అంతకు కొద్ది వారాల ముందు విశ్వవిద్యాలయం నన్ను ఆ పేపరుకు ప్రశ్నపత్రం తయారు చేయమంది. ప్రశ్నల సంగతే కాదు, ఆ పని నాకు అప్పగించారన్న సంగతి కూడా ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను. నాలాగే ఇంకొందరితోనూ తయారు చేయించి ఉంటారు. వాటిలో ఏది పరీక్షకు వస్తుందో మాకెవరికీ తెలియదు.

వ్యాస ప్రశ్నల భాగంలో ప్రతి యూనిట్ నుంచీ రెండు ప్రశ్నలివ్వాలి, విద్యార్థి ఏదో ఒకటి రాయాలి. ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి, నాకు ముఖ్యమనిపించినవే ఇచ్చాను. పత్రరంధ్రాలు తెరుచుకునే తీరు, కిరణజన్య సంయోగక్రియలో కాంతి చర్యలు, క్రెబ్స్ వలయం, ఆక్సిన్లు... ఇప్పుడు ఆమెకు నిజం చెబితే నా పేపరు చెప్పినట్టే. అందుకే ఆ రెండు సందేశాలకూ జవాబివ్వలేదు.

"తర్వాత చూద్దాంలేప్పా" అన్నాను అటెండర్‌తో.

అతను కదల్లేదు. "అదేంది సార్, ప్రతేడు అడగకముందే ఇస్తారు గద. ఈసారి పేపరు గాని మీరే ఇచ్చినారా ఏందీ?" అని పకపకా నవ్వాడు.

తమాషాకే అన్నాడు. కానీ పక్క బల్ల దగ్గర ఇద్దరు లెక్చరర్లు తలెత్తి చూశారు. వెంటనే కలం తీశాను.

రాసింది ఇదీ: మొదటి యూనిట్‌లో ద్రవాభిసరణ, నీటి శక్మం. మూడో దాంట్లో కాంతి శ్వాసక్రియ, పోషక కణజాలంలో ఆహార రవాణా. ఐదో దాంట్లో విత్తనాల సుప్తావస్థ, వార్ధక్యం. రెండో, నాలుగో యూనిట్లకూ అలాగే ఏరాను. నేను పేపర్లో ఇచ్చినవాటిని ఒక్కొక్కటే పక్కకు తప్పించి, మిగిలినవి రాశాను. వాటిలో ఒక్కటీ సిలబస్‌లో లేనిది కాదు. నా తెలివంతా అక్కడే ఉంది. రహస్యం బయట పెట్టలేదు, అబద్ధమూ ఆడలేదు అని నాకు నేను చెప్పుకున్నాను. 'ఈసారి నేను చెప్పలేనమ్మా, పక్క గదిలో సార్‌ను అడుగు' అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. అలా రాస్తే నలుగురూ ఊహిస్తారని భయం. కాపాడుకున్నది నా పేరును. దానికి మాట తప్పకపోవడం అని పేరు పెట్టుకున్నాను.

పరీక్ష మా కళాశాలలోనే జరిగింది. సొంత సబ్జెక్టు పరీక్షకు హాల్లో కాపలా వేయరు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో కూర్చున్నాను. కాసేపటికి పరీక్షల విభాగం నుంచి పిలుపు వచ్చింది. జిరాక్సులో ఒక లైను అలుక్కుపోయిందట.

"మీ సబ్జెక్టే గదా సార్, ఈ లైనేందో చూసి చెప్పండి" అని అధికారి కాగితం చేతికిచ్చాడు.

నా పేపరే. పైనుంచి కిందిదాకా నా ప్రశ్నలే.

పోల్చుకోవడానికి కాసేపు పట్టినట్టు నటించాను. ఆ లైను గదిలో పిల్లలకు చదివి వినిపించమన్నారు. వెళ్లాను. ఆమె కిటికీ పక్క వరసలో ఉంది. నన్ను చూసి కొంచెం నవ్వింది, తెలిసిన మనిషి వచ్చాడన్న ధైర్యంతో. నా ప్రశ్నను నేనే పైకి చదివాను.

"ఇంకోసారి సార్" అన్నారెవరో వెనక నుంచి.

మళ్లీ చదివాను. ఆమె ముందున్న జవాబు పుస్తకంలో చిన్న ప్రశ్నలకు నాలుగు జవాబులు కనిపించాయి. తర్వాత వ్యాస ప్రశ్నల కోసం 'సెక్షన్ బి' అని రాసి, కింద గీత కొట్టి ఉంది. ఆ గీత కింద ఏమీ లేదు. తలుపు నాలుగడుగుల దూరంలోనే ఉన్నా నాకు బయటికి దారి లేదనిపించింది.

ఫలితాలొచ్చిన రోజు అటెండర్ చెప్పాడు: "పోయింది సార్, పాప పేపరు. మిమ్మల్ని మాత్రం ఒక్క మాట అనల్యా. నేనే సరిగ్గా చదవల్యా అంటాంది."

ఆ సాయంత్రం అతనితోపాటు ఆళ్లగడ్డ బస్సెక్కాను. పరీక్ష అయిపోయింది, ఇప్పుడు చెబితే నష్టపోయేది నేనొక్కణ్ణే. చెప్పేద్దామని దారంతా మాటలు కూర్చుకున్నాను.

ఇంటి ముందు అత్తగారు శెనక్కాయలు ఒలుస్తోంది. నా విద్యార్థిని పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి కుర్చీ తెచ్చి వేసింది.

"ఏం సార్, మీరు చెప్పినవన్నీ ఒప్పజెప్పుతాండె" అంది అత్తగారు. "ఒక్కటీ రాకపాయె. మీరేం చేస్తార్లే. ఆ పేపరిచ్చినోడు పాడుగాను, వాని చేతులు పడిపోను!"

"అట్లనొద్దత్తా" అంది ఆమె. "పేపరిచ్చినోళ్లకు మన సంగతేం తెల్సు?"

"ఇంకొక్కసారి రాయనియ్యమ్మా" అన్నాను. "ఆదివారం ఆదివారం నేనే వచ్చి ఐదు యూనిట్లూ చెప్తా."

పెద్దావిడ కాయలు ఒలవడం ఆపి నన్ను పైకీ కిందికీ చూసింది. "ఊరికే వస్తారా?"

"ఊరికే."

"మీ మొగం చూసి ఒప్పుకుంటాండా సార్. ఇంగెవరి మాటా నేను ఇనను."

నేను కూర్చుకొచ్చిన మాటలన్నీ అక్కడే ఆగిపోయాయి. చెబితే నా మొహానికి విలువ పోతుంది, దానితోపాటే ఆమె పరీక్షా పోతుంది. చెప్పకపోతే ఆ వాకిట్లో నేను మంచి సార్‌ను. పెద్దావిడ లోపలికి పోయి గ్లాసు నిండా మజ్జిగ తెచ్చింది. వాళ్లిద్దరి ఎదురుగానే తాగాను.

ఆదివారాలు వెళ్లాను. ఆమె పాసైంది, బీఈడీలో చేరింది. ప్రశ్నపత్రాల పని మళ్లీ వస్తే ఒప్పుకోలేదు. అదేమంత గొప్ప ప్రాయశ్చిత్తం కాదని తెలుసు. ఎవరైనా కొత్తవాళ్లు కనిపిస్తే చాలు, ఆమె నన్ను చూపించి "మా సార్ లేకుంటే నా చదువు ఆడికే ఆగిపోతాండె" అంటుంది. అలా అన్నప్పుడల్లా తల వంచుకుంటాను. వినయమనుకుంటారు.