డ్యూటీ చార్టులో కొత్త మేడమ్

ఆపరేషన్ థియేటర్ పక్కన, బట్టలు మార్చుకునే గదిలో, మత్తు డాక్టరమ్మ బల్ల మీద కూలబడి ఫోన్‌లో మెయిల్ రాస్తోంది. తర్వాతి కేసుకి ఇరవై నిమిషాలుంది. కన్సల్టెంట్ పోస్టుకి ఇంటర్వ్యూ ఇచ్చి తొమ్మిది రోజులైంది. ఆ పెద్ద ఆస్పత్రి వాళ్ళు నవ్వుతూ టీ ఇచ్చారు, నవ్వుతూ పంపారు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

ఇక్కడ ఆమెకు మూడు రోజులకోసారి రాత్రంతా ఆస్పత్రిలోనే డ్యూటీ. పదకొండేళ్ళుగా ఇదే. కిందటి నెల ఒక తెల్లవారుజామున సిరంజిలో మందు నింపి, అదేం మందో లేబుల్ అతికించడం మరిచిపోయింది. నర్సు చూసి, మాట్లాడకుండా తీసి పారేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచీ ఆమెకు తన చేతుల మీద నమ్మకం పోయింది, భయం పట్టుకుంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఎవరికో ప్రాణం మీదికి వస్తుందని ఆమెకు తెలుసు. కొత్తచోట నాలుగు రోజులకొక్క రాత్రే డ్యూటీ, అదీ ఇంట్లో ఉండి, పిలిస్తే వెళ్ళడమే అన్నారు. ఆమె ఆశంతా దాని మీదే.

"అన్ని ప్రశ్నలేస్తే పనిదొంగ అనుకుంటారేమో," అన్నాడు భర్త పొద్దున, కూతురి స్కూల్ బూట్లకు పాలిష్ పెడుతూ.

"అనుకోనీ. పదకొండేళ్ళు చేశాక ఆ మాత్రం అడగకూడదా?"

మెయిల్లో అన్నీ అడిగింది. నాలుగు రోజులకోసారి అంటే నలుగురు డాక్టర్లుండాలి, ఆ నలుగురూ ఇప్పుడు పనిలో ఉన్నారా? పిలిచాక ఎంతసేపట్లో చేరాలి? రాత్రి థియేటర్లో జూనియర్ ఉంటారా, ఐసీయూకి వేరే డాక్టరున్నారా, పసిపిల్లల కేసులకు సామాను ఉందా? నిర్ణయం ఎప్పుడు చెబుతారు? శుక్రవారంలోగా ఇక్కడి కాంట్రాక్టు మీద మళ్ళీ సంతకం పెట్టాలి, అందుకే అడుగుతున్నానని కూడా రాసింది.

గురువారం మధ్యాహ్నం ఆ ఆస్పత్రి ఆఫీసు నుంచి జవాబొచ్చింది. తేనె పూసినట్టుంది. డ్యూటీ నిబంధనల ప్రకారమే. ఇరవై నిమిషాల్లో చేరాలి. సౌకర్యాలన్నీ ఉన్నాయి. నిర్ణయం రెండు వారాల్లో. వివరాలకు జత చేసిన కాగితం చూడగలరు.

జత చేసింది వచ్చే నెల డ్యూటీ చార్టు. పైన నాలుగు పేర్లు, ఫోన్ నంబర్లు. కింద ముప్ఫై గళ్ళు. గళ్ళలో మాత్రం ఇద్దరే. పదిహేనింట్లో ఇంటర్వ్యూలో మూలన కూర్చుని నోరు మెదపని పెద్ద డాక్టరు పేరు. మిగతా పదిహేనింట్లో "కొత్త మేడమ్".

ఇంటర్వ్యూకి వచ్చిన మిగతా ఇద్దరూ మగవాళ్ళు. అంటే ఉద్యోగం వచ్చేసినట్టే. ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది. చార్టు మీదున్న నంబరుకి ఫోన్ చేసింది.

"సార్, మొన్న ఇంటర్వ్యూకి వచ్చినదాన్ని. ఆఫీసువాళ్ళు పొరపాటున మీ చార్టు పంపినట్టున్నారు."

"పొరపాటేం కాదమ్మా," అన్నారు పెద్దాయన. "చార్టు వేసేది నేనే. నువ్వు అడిగినదానికి ఇదే జవాబు, జత చెయ్యమని ఆఫీసులో చెప్పాను. వాళ్ళు తెరిచి చూసి ఉండరు."

"మరి పైన నాలుగు పేర్లున్నాయి?"

"ఒకాయన ఒంట్లో బాగోక సెలవులో ఉన్నాడు. ఇంకొకావిణ్ణి వేరే బ్రాంచికి పంపారు. నాలుగో ఆవిడ రాజీనామా చేసి వెళ్ళిపోయింది. పేర్లు మాత్రం తియ్యలేదు. నేను చేరినప్పుడు నాకూ నలుగురనే చెప్పారు."

"ఇప్పుడు ఎవరు చేస్తున్నారు సార్?"

"నేనే."

"ముప్ఫై రోజులూనా?"

"తొమ్మిది నెలలుగా. బ్యాగు కారులోనే ఉంటుంది."

"నేనొస్తే మీకు సగం తగ్గేది కదా సార్. ఇది చూపిస్తే ఎవరొస్తారు?"

"చూపించకుండా రప్పించుకుని, రేపు నీ మొహం ఎలా చూడను?" అన్నారాయన. ఆ గొంతులో కోపం లేదు, అలసట తప్ప ఏమీ లేదు. "నీ ఇష్టమమ్మా. వస్తే సంతోషం."

శుక్రవారం పొద్దున ఆమె పాత కాంట్రాక్టు మీద సంతకం పెట్టింది. రెండు రోజులకోసారి కంటే మూడు రోజులకోసారి నయం, అంతే లెక్క. పోస్టుకి రాలేనని, కారణం డ్యూటీ చార్టేనని, ఆ నలుగురిని నిజంగా వేస్తే మళ్ళీ పిలవమని ఆఫీసుకి రాసి, ఆయనకూ ఒక కాపీ పంపింది. ఆ పదిహేను రోజులూ మళ్ళీ ఎవరి నెత్తిన పడతాయో తెలిసే పంపింది. సిగ్గేసింది.

రెండు నిమిషాల్లో ఆయన జవాబొచ్చింది.

"మంచి పని చేశావమ్మా. థియేటర్లో ఉన్నాను, ఉంటా."