ఇరవయ్యో మనిషి

మా పక్క క్వార్టర్ అత్త పోయింది. లాక్‌డౌన్‌లో, ఒకరోజు పొద్దున్నే గుండె ఆగింది. కరోనా కాదు. అయినా ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ముందు అదే అడిగారు. కాదంటే నమ్మలేదు. చెప్పీ చెప్పీ ఆమె బిడ్డకు, అంటే నా దోస్తుకు, గొంతు పోయింది.

మూడేళ్ల కింద నేను శ్రీరాంపూర్‌కు కొత్త కోడలిగా వచ్చినప్పుడు నాకు ఎవరి ముందూ నోరు పెగిలేది కాదు. ఈ పక్కింటి అత్త గోడ అవతల నుంచి పిలిచేది. మొదటి పిలుపుకు పలికేదాన్ని కాదు. రెండో పిలుపుకు తలుపు దాకా వచ్చేదాన్ని.

"మూడుసార్లు పిలిస్తె గాని పలుకవు గదనే! నీతోని నీ మొగడు ఎట్ల ఏగుతుండో!" అని నవ్వేది.

కాలనీలో ఎవరు పోయినా చాయ్ ఫ్లాస్కు పట్టుకుని ముందు పోయేది ఆమే. నన్నూ లాక్కుపోయేది. అక్కడ ఏం మాట్లాడాలో తెలియదని నేను వెనక్కి తగ్గితే, "ఏం మాట్లాడకు. జర చాయ్ పోసి పక్కకు కూసో. ఏడ్చేటోళ్లకు మన ముచ్చట్లెందుకు?" అనేది.

అట్లాంటి మనిషి అంతిమయాత్రకు ఇరవై మందికే పర్మిషన్.

నా దోస్తును కరీంనగర్‌లో ఇచ్చారు. ఫోన్‌లో పాస్, చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని, దారిలో రెండుచోట్ల పోలీసులకు చూపించి, మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికే వాళ్ల చిన్నబాపు, అంటే బాబాయి, స్టేషన్‌లో ఇవ్వడానికి ఇరవై పేర్లు రాసి పెట్టాడు. అందులో పద్నాలుగు పేర్లు మగవాళ్లవి. నా దోస్తు తమ్ముడు తప్ప అందరూ బీపీలు, మోకాళ్ల నొప్పుల పెద్దమనుషులే! మరి పాడె ఎవరు మోయాలి? కట్టెలు ఎవరు పేర్చాలి? ఎవరో గుర్తు చేస్తే ఇంకో ఆరుగురు కావాలని తేలింది. పెద్దమనిషి పేరు కొట్టేయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. ఆడవాళ్లవి సరిగ్గా ఆరు పేర్లున్నాయి. ఆరూ కొట్టేశాడు.

"నన్ను గూడ తీసేసినవా చిన్నబాపూ? దింపుడు కళ్లం కాడ అవ్వను పిలువద్దా నేను?"

"నీ తమ్ముడు పిలుస్తడు బిడ్డా. పోలీసోళ్లు లెక్కవెడ్తుండ్రు. ఒక్కలు ఎక్కువున్నా కేసైతది."

దింపుడు కళ్లమంటే కాటికి పోయే దారిలో పాడె దించే చోటు. ఏమో, ఇంకా ప్రాణముంటే పలుకుతుందేమోనని అక్కడ చెవిలో మూడుసార్లు పిలుస్తారు.

రోడ్డు చివర కానిస్టేబుల్ నిలబడి లెక్కపెట్టాడు. మా గేటు దగ్గర నుంచి నేనూ లెక్కపెట్టాను. పందొమ్మిది మంది. పట్టీలో మొదటి పేరున్న పెద్దమనిషి భయపడి ఇంట్లోనే ఉండిపోయాడు. నా దోస్తు వాళ్ల గేటు దగ్గర ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. "ఒక్కలు తక్కువుండ్రు" అని నేను ఒక్కమాట అంటే చాలు. అనలేదు. పాడె మలుపు తిరిగింది.

తర్వాత అందరూ ఓదార్చారు. ఏం ఓదార్పులో! ఒకామె "గుంపు లేకుంట సల్లగ అయిపోయింది తియ్" అంది. ఇంకొకామె "పదిమందిని పరేషాన్ చెయ్యలే, పుణ్యాత్మురాలు" అంది. చిన్నబాపైతే "దింపుడు కళ్లం వీడియో పంపిన గద, సూడలేదా?" అని రెండుసార్లు ఫోన్ చేసి మరీ అడిగాడు. నా దోస్తు అందరికీ "ఊ" అంది. ఏడవలేదు.

ఆంక్షలు ఎత్తేశాక, మాసికానికి మళ్లీ వచ్చింది. నేను ఫ్లాస్కులో చాయ్ తీసుకుపోయి, పోసిచ్చి పక్కన కూర్చున్నాను. అత్త చెప్పినట్టు ఏమీ మాట్లాడకూడదనుకున్నాను. కడుపులో ఉన్నది ఆగలేదు.

"ఆ దినం పందొమ్మిది మందే పోయిండ్రు. నేను లెక్కవెట్టిన."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఏమన్నవ్?"

"ఇంకొక్కలు పోవచ్చుండె. నాకు నోరు రాలే."

"నోరు రాలేదా! మా అవ్వ నిన్ను మూడేండ్ల సంది పిలిచి పిలిచి సచ్చింది గదనే! ఒక్క మాట... ఒక్క మాటకు నోరు లేదా నీకు?"

తిడుతూ తిడుతూనే ఏడ్చింది. నెల రోజుల ఏడుపు. నేను పక్కనే కూర్చున్నాను. చాయ్ మీద మీగడ కట్టింది. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"లే. నడువ్."

నీళ్ల ట్యాంకు దాటాక, మట్టిరోడ్డు పక్కన పాడె దించిన చోటికి పోయాం. ఆమె వంగి, నేలకు చెప్పినట్టుగా "అవ్వా" అంది. మళ్లీ "అవ్వా" అంది. మూడోసారికి పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. నా వైపు చూసింది.

"అత్తా!" అని పిలిచాను.

అంత గట్టిగా నేనెప్పుడూ ఎవరినీ పిలవలేదు. వెనక క్వార్టర్లలో గేట్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆ రోజు రాలేకపోయిన ఆడవాళ్లు, ఒకరు పిండి చేతులతో, ఒకరు పిండని తడిబట్టతో, బయటికి వచ్చి మా వైపు చూస్తూ నిలబడ్డారు.