తరుగు పోగా

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. మా అన్నయ్య ఆ బలమంతా పెళ్లాన్ని ఇంటికి రమ్మనకపోవడంలోనే చూపించాడు. బావి మోటారు కాలిపోయాక రాబడి లేక వదిన పట్నం ఆసుపత్రిలో ఆయాగా చేరి రెండేళ్లయింది. "ఎప్పుడు రమ్మంటావు?" అని ఆమె ఫోనులో అడిగితే, "మోటారు రానీ" అనేవాడు. ఫోను పెట్టేశాక గుమ్మంలో ఉన్న ఆమె పాత చెప్పులు దులిపి మళ్లీ అక్కడే పెట్టేవాడు. చూస్తే నాకు ఒళ్లు మండేది, జాలీ వేసేది.

మోటారు ఎనభై అయిదు వేలు. ఈసారి వానలు కలిసొచ్చి నలభై క్వింటాళ్ల ధాన్యం పండింది, క్వింటాలు రెండు వేల రెండువందలు. గట్టెక్కాం అనుకున్నాం.

నాలుగు రోజులు ఆరబోసి, సాయంత్రం గింజ వేడిగా ఉండగానే అన్నయ్య ట్రాలీకెత్తి పట్టా కప్పేశాడు. తెల్లారేసరికి లోపల చెమ్మ పట్టి పై గింజలు తడిశాయి. ఆ సంగతి కాటా దగ్గర తెలిసింది. షావుకారు గుమాస్తా పైపైన మూడు చోట్ల గుప్పెడేసి తీసి తేమ కొలిచే మీటరులో పోశాడు. తేమ ఇరవై శాతం!

"పదిహేడు దాటితే ఒక్కో శాతానికి క్వింటాలుకి కిలో తరుగు. తాలూ మట్టీ కూడా రెండు శాతం ఎక్కువున్నాయి, దానికి రెండు కిలోలు" అన్నాడు.

నలభైలో రెండు క్వింటాళ్లు గోవిందా! చేతికొచ్చేది ఎనభై మూడు వేల ఆరువందలు. అన్నయ్య సంతకం పెట్టబోతుంటే పెన్ను లాక్కుని వదినకి ఫోను కలిపి, సంగతి చెప్పి అన్నయ్య చెవికి ఆనించాను.

"వేడి మీద కప్పావా మహానుభావా! చల్లారాకే కప్పాలని ఏటా మొత్తుకునేదాన్ని కదా! తడిసింది పైపొరేలే. సంతకం పెట్టకు, వెనక్కి తీసుకెళ్లు. పొద్దున్నే వస్తున్నా" అంది.

వచ్చింది. నేనూ ఆమే తూర్పారపట్టి తాలు పోగొట్టాం. ఎండలో కాళ్లతో గింజలు తిరగేస్తూ తిరిగింది. అన్నయ్య చేట పట్టుకుని ఆమెనే చూస్తూ నిలబడిపోయాడు. పూర్తిగా చల్లారాకే కప్పనిచ్చింది.

మర్నాడు కాటా దగ్గర మీటరు పదహారున్నర చూపించింది. తరుగు సున్నా. కానీ తాలూ చెమ్మా పోయిన ధాన్యం ముప్పై ఎనిమిది క్వింటాళ్ల ఎనభై కిలోలే తూగింది. రెండోసారి ట్రాక్టరు కిరాయి వెయ్యి పోగా, మోటారుకి ఇంకా ఆరువందల నలభై తక్కువ.

వదిన కాటా చీటీ చదివింది. నిట్టూర్చి సంచి భుజాన వేసుకుంది. "సాయంత్రం బస్సుంది" అంది.

అన్నయ్య ఆ సంచి పట్టుకున్నాడు. "మోటారు రాకపోతే పోనీ. నువ్వు ఉండిపో. నువ్వు లేకపోతే నాకు ఇల్లు ఇల్లులా లేదు."

కాటా దగ్గరే, గుమాస్తా ముందే అన్నాడు.

వదినకి కళ్లనీళ్లు ఆగలేదు. "ఆరువందల నలభై తక్కువైతే గానీ ఈ మాట రాలేదా నీకు? రెండేళ్లుగా ఫోను చేసింది ఇది విందామనే!"