“లా” ముందా, “న్” ముందా

“సులభం” అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికి సులభమో మాత్రం ఎవరూ చెప్పరు.

భద్రాచలంలో డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతూ, క్లాసులయ్యాక ఇష్టమున్న పిల్లలకు ఎస్పరాంతో నేర్పుతుంటాను. అన్ని దేశాలవాళ్లూ తేలిగ్గా నేర్చుకోవాలని ఒక మనిషి కూర్చుని కల్పించిన భాష అది. “త్రింకాస్” అంటే తాగడం. నేను తాగినా, వాళ్లు తాగినా అదే మాట, తాగుతాను, తాగుతారు అని మార్చే పని లేదు. మా హిస్టరీ సారుకు ఇదంతా వేళాకోళం.

“ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. గా భాష ఎవ్వలు మాట్లాడ్తరు మేడం?” అనేవాడు.

“మాట్లాడేటోళ్లు ఉన్నరు సార్. మీకే రాదు” అనేదాన్ని.

తెలుగువాళ్ల కోసం ఆ భాషకు ఒక పాఠాల పుస్తకం రాశాను. ఎన్నో భాషల్లో పాఠాలు పెట్టే ఒక ఆన్‌లైన్ సంఘం దాన్ని తమ సైట్‌లో ఉచితంగా పెడతామంది. పెడితే నేను లేకపోయినా దుమ్ముగూడెంలో ఫోనున్న ఏ పిల్లయినా నేర్చుకోగలదు. కానీ పుస్తకాన్ని పరిశీలించిన యూరప్ పెద్దాయన ఒక షరతు పెట్టాడు. నా మొదటి పాఠం చివరికి పోవాలి.

మొదటి పాఠం “న్” గురించి. కుక్క “హుందో”. కుక్కను చూస్తే “హుందోన్”. ఆ “న్” ఉంటే చాలు, మాటలు ఎటు తిప్పినా అర్థం చెడదు. పిల్లిని కుక్క కరిచింది అన్నా, కుక్క పిల్లిని కరిచింది అన్నా మనకు ఒకటే కదా, అలాగే. ఇందులో మా పిల్లలకు కొత్తేముంది? పెద్దాయన అనుభవంలో మాత్రం అందరూ బోల్తా పడేది అక్కడే. అందుకే దాన్ని వెనక్కి నెట్టి, “లా” అనే చిన్న మాటను ముందు నేర్పుతారట. ఇంగ్లీషులో “ది” లాంటిది. ఆయనకు అది పుట్టుకతో వచ్చింది. మా క్లాసులో దాని దగ్గరే అందరి ముఖాలూ వాడిపోయేవి.

“ఏంది మేడం ఈ లా? తెలుగుల దీన్ని ఏమంటరు?” అని ఒకమ్మాయి అడిగింది.

“ఏమనరు” అన్నాను. అందుకే దాన్ని ఆరో పాఠంలో పెట్టాను.

పెద్దాయన ఊరుకోలేదు. మా పిల్లలు రాసిన అభ్యాసాలు తెప్పించుకుని, “చూడండి, మీవాళ్లూ ‘న్’ మరిచిపోయారు” అని తప్పుల కింద గీతలు గీసి పంపాడు. చూస్తే నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కుక్క దగ్గర, పిల్లి దగ్గర, మనిషి దగ్గర ఒక్కరూ తప్పలేదు. తప్పింది నీళ్ల దగ్గర, పుస్తకం దగ్గర. కుక్కను చూసిన అంటాం గానీ, నీళ్లను తాగిన అని ఎవరంటారు? నీళ్లు తాగిన అంటాం, అంతే. ప్రాణం లేనిదానికీ “న్” తగిలించాలి అని ఒక్క వాక్యం కలిపితే తీరే తప్పు అది. ఆ వాక్యం కలిపాను. పాఠాన్ని మాత్రం కదిలించలేదు. మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నాడు హిస్టరీ సారు. మూడే, అన్నాను.

చివరికి పెద్దాయన వీడియోలో క్లాసుకు వచ్చాడు. “లా” గురించి అడిగిన అమ్మాయినే పరీక్షించాడు. నీళ్లు, పుస్తకం, కుక్క అన్నీ అటూ ఇటూ తిప్పి అడిగాడు. ఒక్క “న్” కూడా జారలేదు. మెచ్చుకున్నాడు. అయినా, “పాఠాల వరుస ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నదే. అందరికీ సులభమైనదే ‘ని’ ఎంచుకున్నాం” అన్నాడు, ఆ భాషలోనే.

ఆ “ని” మన విభక్తి కాదు. మనం, మేము రెండింటికీ ఎస్పరాంతోలో ఉన్నది ఆ ఒక్క మాటే. ఎదుటివాళ్లను కలుపుకున్నామో, వదిలేశామో అందులో తెలియదు. నేను నోరు తెరిచేలోపు ఆ అమ్మాయే అడిగింది.

“చు ‘ని’ కున్ ని, ఔ సెన్ ని?”

ఆ “ని”లో మేమున్నామా, లేమా?

ఆయన మంచివాడే. అబద్ధం చెప్పలేదు.

“సెన్” అన్నాడు. మీరు లేకుండానే అని.

“అయితే వరుస మేమే పెట్టుకుంటం సార్” అంది ఆ అమ్మాయి, ఈసారి తెలుగులో. దాన్ని నేను ఆయనకు అనువదించలేదు. ఆయన కూడా అడగలేదు, షరతు మాట మళ్లీ ఎత్తలేదు. పుస్తకం ఇప్పుడు సైట్‌లో ఉంది. “న్” మొదటి పాఠం.