వీడియోలో రెండు వంటగదులు

జమ్మికుంటలో మా ఇంటికి ఉన్నది ఒకే వంటగది. రెండోది బ్రోకరు వీడియోలో కట్టాడు.

మా ఆయనకు చెన్నూరులో పత్తి మిల్లులో పని కుదిరింది. నెలలోపు చేరాలి. ఈ ఇల్లు అమ్ముడైతేనే అక్కడ ఇల్లు కొనగలం. లేదంటే ఆయన అక్కడ, నేను ఇక్కడ.

బ్రోకరు ఫోను పట్టుకుని వచ్చాడు. "ముందుగాల దేవుణ్ణి చూపియ్యాలె అక్కా, మంచి జరుగుతది" అన్నాడు. మా దేవుడి పటాలు వంటగది అరమీదే ఉంటాయి. అందుకని వీడియో గేటు దగ్గర మొదలై ఒక్క దూకుకు వంటగదిలో పడింది. తర్వాత హాలు, పడకగదులు తిరిగి మళ్ళీ వంటగదికే వచ్చింది, ఈసారి ఇంకో తలుపు నుంచి. ఒక్కో గదికి రెప్పపాటు. పైన బ్రోకరుగారి మాటలు: ఇంద్రభవనం, బస్టాండుకు రెండే నిమిషాలు. రెండు నిమిషాల్లో మా వీధి మలుపు దాటితే గొప్ప.

వీడియో చూసి కరీంనగర్ నుంచి బట్టల దుకాణం కుటుంబం వచ్చింది. అత్తగారు, ఇద్దరు కోడళ్ళు. అత్తగారు ఇల్లంతా రెండుసార్లు తిరిగింది.

"దూస్రా వంటగది ఏదమ్మా?"

"గిదొక్కటే ఉన్నదమ్మా."

"వీడియోల రెండున్నయ్ గదా. ఒకదాంట్ల దేవుడున్నడు, ఒకదాంట్ల కుక్కరున్నది."

చాయ్ ముట్టకుండా పోయారు.

నేను మూడో తరగతి దాటలేదు గానీ, ఇంట్లోకి ఎటు నుంచి రావాలో తెలుసు. నేను చెబుతుంటే మా ఆయన నోటుబుక్కులో రాశాడు: గేటు, వరండా, హాలు, పడకగదులు, వంటగది, పెరడు. ప్రతి గుమ్మంలో ఆగాలి. ఫోను ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పాలి. నడుస్తూ మాట్లాడవద్దు, ఆగి మాట్లాడాలి. గది కొలత టేపు పెట్టి చెప్పాలి. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు. పత్తి సీజన్‌లో లారీల మోత.

బ్రోకరు మొహం మాడ్చుకున్నాడు. "లారీల ముచ్చట చెప్తే ఎవరొస్తరు అక్కా?"

"చెప్పకపోతే వచ్చినోళ్ళు వాపస్ పోతరు తమ్మీ. మొన్న సూడలేదా?"

"మరి దేవుడు?"

"వంటింట్ల ఉన్నడు. ఆయన నంబరొచ్చినప్పుడు కనిపిస్తడు."

కొత్త వీడియో పెట్టిన మూడో రోజు ఆ అత్తగారే ఫోను చేసింది. మొదటి వీడియోలో పెరడు లేనే లేదు. వచ్చిన రోజు రెండో వంటగదిని వెతికే పరేషాన్‌లో ఆమె వెనుక తలుపు తీయనే లేదు.

"వంటగది వెనకాల పద్నాలుగు అడుగుల జాగా అన్నరు. సచ్చేనా, నిజంగ అంత ఉన్నదా?"

"మా ఆయనే టేపు పట్టిండు. వచ్చి మీరు సుత పట్టుకోండ్రి."

వచ్చి పట్టుకున్నారు. పద్నాలుగే. చిన్న కోడలి వంటగది అక్కడ కట్టుకుంటామన్నారు. ఈసారి చాయ్ తాగారు.

మేమిద్దరం ఒకే బండిలో సామాను ఎక్కించుకుని చెన్నూరు వచ్చేశాం. మా బ్రోకరు మాత్రం అందరికీ ఒకటే చెబుతున్నాడట: "నేను ముందే అన్న, గా ఇంటికి రెండు వంటగదులని."