పాడినట్టే రాశాను

నేను చేసే పనేమిటో మా నాన్నకు చెప్పడం కంటే ఆ పని చేయడమే నాకు సులువుగా ఉండేది. ఆమదాలవలసలో మా ఇంటి ముందుగదిలో ఆయన పిల్లలకు సంగీతం చెప్పేవారు. వెనకగదిలో నేను హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒకే పాటను పదిసార్లు వింటూ కంప్యూటర్ కీబోర్డు మీద స్పేస్ బార్ నొక్కుతూ కూర్చునేదాన్ని. "నేర్చుకోవూ, పాడవూ. మరి అన్నిసార్లు వినడం దేనికమ్మా?" అనేవారు.

ఫోన్లలో కరవోకే యాప్‌లు ఊపందుకుంటున్న రోజులవి. వెనక సంగీతం నడుస్తుంటే తెరమీద పాట కనిపిస్తుంది. పాడాల్సిన వరుస వంతు రాగానే దాని రంగు మారుతుంది. ఆ రంగు దానంతట అది మారదు. ఎవరో ఒకరు కూర్చుని, ప్రతి వరుస ముందూ అది మొదలయ్యే నిమిషం, సెకను, సెకనులో నూరోవంతు రాసిపెట్టాలి. పాట వింటూ, వరుస మొదలైన క్షణాన మీట నొక్కితే ఆ సమయం నమోదవుతుంది. తర్వాత మళ్ళీ మళ్ళీ విని, చెయ్యి ఆలస్యమైనచోట వెనక్కి జరపాలి. కొన్ని పాటలకు వరుసకే కాదు, మాట మాటకీ సమయం వేయమనేవారు. అప్పుడు రంగు ఒక్కో మాట మీదుగా పాకుతూ పోతుంది.

హైదరాబాదులో ఒక చిన్న ఆఫీసు యాప్‌వాళ్ళ దగ్గర పాటలు తీసుకుని నాలాంటివాళ్ళకు పంచేది. ప్రైవేటు స్కూల్లో టీచర్ ఉద్యోగం మానేసి ఖాళీగా ఉన్న నాకు, పాత సహోద్యోగి ఒకామె ఆ పని చూపించింది. మొదట్లో తప్పులు చేశాను. పల్లవికీ చరణానికీ మధ్య వాయిద్యాలు వచ్చేచోట ఒక ఖాళీ వరుసకు సమయం వేయడం మరిచిపోయాను. దాంతో పల్లవి చివరి వరుస వయొలిన్లు ఆగేవరకూ వెలుగుతూనే ఉండిపోయింది. ఇంకోసారి ఫైలును యూనికోడ్‌లో భద్రపరచలేదు. తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది. మా ఫైళ్ళు సరిచూసే ఆఫీసాయన ఓపిగ్గానే చెప్పేవాడు. మంచివాడే. ఆ మాట ముందే అనేస్తున్నాను, తర్వాత ఆయనతో గొడవ పడ్డాను కాబట్టి.

ఒకరోజు ఆయన పంపిన పాటల్లో ఒక జానపదం ఉంది. విజయనగరంలో ఏదో చిన్న స్టూడియోలో తీసినది. డప్పు, వేణువు, ఒక ఆడగొంతు. అంతే. మాటమాటకీ సమయం వేయాలన్నారు. హెడ్‌ఫోన్లలో ఆ గొంతు మొదలుకాగానే నా చెయ్యి మీట మీద ఆగిపోయింది.

"ఏటి సెప్పను బావా ఎలగ సెప్పను
గెడ్డ దాటొచ్చాక ఎనక్కి సూడను
వాన వస్తాది బావా వరద వస్తాది
వరదలోన నా పడవ నేనె తోస్తాను"

నేను పుట్టిపెరిగిన వీధుల్లో రోజూ వినే మాట. సినిమాల్లో నవ్వించడానికి తప్ప ఎక్కడా వినపడని మాట. ఇంట్లో నాన్న నన్ను దిద్ది దిద్ది మాన్పించిన మాట. "సెప్పు కాదు, చెప్పు. నాలుక పైకి ఆనించు" అని గమకాలు నేర్పినంత శ్రద్ధగా నేర్పించారు. ఆ మధ్యాహ్నం నాకు తెలియకుండానే ఆ పాటను విన్నది విన్నట్టు రాసి, టైమింగు వేసి పంపేశాను.

మూడో రోజు ఫైలు తిరిగొచ్చింది. "అక్షరదోషాలు ఎక్కువ" అని పైన రాసుంది. కిందంతా ఎర్రరంగు. ఏటి అన్నచోట ఏమిటి. సెప్పను అన్నచోట చెప్పను. వస్తాది అన్నచోట వస్తుంది. గెడ్డ అన్నచోట గడ్డ!

మా వైపు గెడ్డ అంటే కొండల్లోంచి దిగే వాగు. ఎత్వం తీసేస్తే ఆ పాటలో మనిషి వాగు కాక, మట్టిగడ్డనో ఉల్లిగడ్డనో దాటి వస్తోంది. నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. అయినా నిజం చెప్పాలి. ఆ రోజు నేను ఎదురు మాట్లాడలేదు. గెడ్డ ఒక్కటి ఉంచి, మిగిలినవన్నీ ఆయన చెప్పినట్టే మార్చాను. మార్చుతుంటే, పరాయి ఇంట్లో సామాన్లు సర్దుతున్నట్టు అనిపించింది. పంపేముందు ఆ పాడినామెను ఒక్కసారి అడగాలనిపించి, స్టూడియోకి ఫోన్ చేసి నంబరు తీసుకున్నాను.

"నా పాట ఫోన్లో రంగులు మారతాదా? నాను సూస్తాను. రేపొస్తాను" అందామె. అన్నట్టే మర్నాడు పొద్దున్న పాసింజరులో దిగింది. కొత్తవలస దగ్గర పల్లె ఆమెది. యాభై దాటిన మనిషి. పొలం పనులకు వెళ్తుంది. వరి ఊడుపుల్లో వాళ్ళమ్మ పాడిన పాటలు ఆమెకు వచ్చు. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలను వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతుంది.

ముందుగదిలో నాన్న పక్కనే కూర్చోబెట్టి, దిద్దిన ఫైలు ఫోన్లో పెట్టి ఇచ్చాను. సంగీతం మొదలైంది. ఆమె తెర చూస్తూ గొంతెత్తింది. మొదటి మాట దగ్గరే తడబడింది. ఆపి, మళ్ళీ మొదటికి పెట్టమంది. మళ్ళీ అక్కడే.

"ఇదేటమ్మీ? నాను రెండచ్చరాలు పాడితే ఇది మూడు సూపిత్తంది?"

"ఆఫీసువాళ్ళు సరిచేశారు పిన్నీ. ఏటి అంటే తప్పట. ఏమిటి అనాలట."

"ఎవులికి తప్పు?"

నాన్న అందుకున్నారు. "తప్పని కాదమ్మా. నోటితో ఎలా పాడినా, రాసేటప్పుడు శుద్ధంగా రాయాలి. నలుగురూ చదివేది కదా."

"అలగైతే మీరు పాడండి మేస్టారూ. ఆ రాసిందే పాడండి" అని ఫోన్ ఆయన చేతికిచ్చింది.

నాన్న కళ్ళజోడు సవరించుకుని, తొడమీద తాళం వేస్తూ మొదలుపెట్టారు. నలభై ఏళ్ళుగా పాఠం చెబుతున్న మనిషి. 'ఏమిటి'ని ఎలాగో రెండక్షరాల చోటులో ఇరికించారు. కానీ 'వాన వస్తుంది' దగ్గర చిక్కుకున్నారు. ఆమె పాటలో ఆ 'స్తా' మీద గొంతు లాగి, ఊపి, డప్పు దెబ్బకు వదులుతుంది. 'స్తుం' అంటే నోరు మూసుకుపోతుంది. లాగడానికి ఏమీ లేదు. తెర మీద రంగు నింపాదిగా ఆ మాట మీద పాకుతూనే ఉంది, నాన్న గొంతు మాత్రం ముందే అయిపోయింది. రెండోసారి ప్రయత్నించారు. మూడోసారి ఆయన నోటివెంట 'వస్తా...ది' అని దానంతట అదే వచ్చేసింది.

ఆమె పకపకా నవ్వింది. "సూసేరా! పాటే మిమ్మల్ని లాక్కొచ్చీసింది."

నాన్న నవ్వలేదు. ఫోన్ ఆమెకు తిరిగి ఇచ్చేస్తూ, "అక్కడ దీర్ఘం ఉండాలి" అని మాత్రం అన్నారు. ఆయన నోట అది పెద్ద మాటే.

"టేసన్లో కూడా" అంది ఆమె. స్టూడియోని ఆమె టేసన్ అనేది. "చెప్పు అని పాడవమ్మా అన్నారు. నాను పాడలేదు. మాయమ్మ పాటలో మాయమ్మ నోరుంటాది, మీ నోరెందుకుంటాది అన్నాను. నువ్వు బయపడి మార్సీసినావా?"

"భయపడ్డాను పిన్నీ" అన్నాను.

"అయితే మల్లీ రాయి."

ఆమె భోంచేసి సాయంత్రం బండికి వెళ్ళిపోయింది. నేను అదే పూట మొదటి ఫైలు బయటికి తీసి, మాటల సమయాలు ఇంకోసారి సరిచూసి, అక్షరం మార్చకుండా పంపాను. మర్నాడు ఆఫీసాయన ఫోన్ చేశాడు.

"పాత ఫైలు పంపినట్టున్నారు మేడమ్."

"అదే సరైన ఫైలండీ. గెడ్డ అంటే మా వైపు వాగు, గడ్డ కాదు."

"అందులో స్పెల్లింగులు..."

"మీరు రెండు ఫైళ్ళూ పెట్టుకుని తెర చూస్తూ పాడండి. మీరు దిద్దినదానితో పల్లవి కూడా దాటలేరు. టైము సరిగ్గానే ఉంది, మాటే ఆ టైములో పట్టడం లేదు."

ఆయన నిజంగానే ప్రయత్నించి ఉంటాడు, గంట తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడు. "ఏటి, వస్తాది మీరన్నట్టే ఉంచుదాం. కానీ సెప్పు, సూడు మార్చండి. చ అన్నా స అన్నా ఒకటే పొడవు కదా. టైమింగుకి నష్టం లేదు."

అది నిజమే. నా లెక్క అక్కడ చెల్లదు. ఆ క్షణం ఒప్పుకుని ఉంటే గొడవ తీరిపోయేది.

"నష్టం లేదు. కానీ ఆవిడ సెప్పను అని పాడింది. మన పని ఆవిడ పాడింది రాయడం" అన్నాను.

"మనకు తెలుగు రాదనుకుంటారు మేడమ్ జనం."

"మా జిల్లాల్లో జనం ఏమనుకుంటారో కూడా అడగండి."

"రూల్ అది. నా చేతిలో లేదు. మార్చకపోతే మీకు పాటలు పంపడం కష్టమవుతుంది."

"పంపకండి. నా చేత్తో మాత్రం మార్చను."

ఆ పని నాకు ఇష్టం. నిజంగా ఇష్టం. ఒక గొంతు ఎక్కడ ఊపిరి తీస్తుందో, ఏ మాటను ఎంతసేపు పట్టుకుంటుందో నూరోవంతు సెకను దాకా వినడం అదివరకు నాకు ఎవరూ నేర్పలేదు. అది పోతుందని తెలిసీ అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

పోయింది. ఆ నెల నుంచి పాటలు రాలేదు. యాప్‌లో ఆ పాట దిద్దిన మాటలతోనే వచ్చింది, ఉంచుదామన్న ఏటి, వస్తాది కూడా మారిపోయాయి. గెడ్డ ఒక్కటే గెడ్డగా మిగిలింది. బహుశా ఆ మంచివాడు దాన్ని నాకోసం కాపాడి ఉంటాడు.

నేను ఊరుకోలేదు. పాట ఆమెది, ఆమె ఒప్పుకుంది. ఫోన్లో పాట ఫైలు పక్కనే, అదే పేరుతో మాటల ఫైలు ఉంటే కొన్ని ప్లేయర్లు దాన్ని వాటంతటవే చూపిస్తాయి. రెండూ కలిపి, స్టేషన్ రోడ్డులో మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించే సెల్ షాపతనికి ఇచ్చాను. అతను వినగానే, "ఓస్, ఇది మన మాటే! రాసుంటే ఇలగుంటాదా?" అని తెర చూస్తూ అక్కడికక్కడే పాడేశాడు. బేరానికొచ్చిన ఇద్దరు ఆగి విన్నారు. వాళ్ళ కార్డుల్లోకీ ఎక్కించాడు. ఎన్ని ఫోన్లకు పాకిందో నాకు తెలియదు. శ్రీకాకుళం బస్సులో ఒక కాలేజీ అమ్మాయి ఫోన్లో 'సూడను' అన్న మాట వెలగడం నా కళ్ళారా చూశాను.

ఆ తర్వాత ఆమె ఇంకో నాలుగు పాటలు పట్టుకుని వచ్చింది. ఈసారి నాన్నే హార్మోనియం శ్రుతి పట్టారు, ఫోన్లోనే రికార్డు చేశాం. మాటలు రాసుకున్నాక నేను టైమింగు వేయబోతే, "నాను నొక్కుతాను, నా పాట నాకు తెల్దా?" అని కీబోర్డు తన ముందుకు లాక్కుంది. నాట్లు వేసి గట్టిపడ్డ బొటనవేలు స్పేస్ బార్ మీద పెట్టి, తన గొంతు తనే వింటూ నొక్కింది. చూసుకుంటే ప్రతి వరుసా గొంతుకంటే కాస్త ముందే వెలుగుతోంది. మాట మొదలైనప్పుడు కాదు, దానికోసం ఊపిరి తీసుకున్నప్పుడు నొక్కింది. పాడేవాళ్ళకు కావలసింది ఆ కాస్త వ్యవధే.

ఆమె నొక్కినవి నొక్కినట్టే ఉంచేశాను.